79B నుంచి 1947 మళ్లీ వస్తుందా? బైనరీ, ఆక్టల్, హెక్స్ మార్పుల్ని సరిచూసే దారుల్లో మీకేది పనికొస్తుంది

మారతహళ్లిలో నేనుండే పీజీకి రెండు వీధుల అవతల మా పిన్ని కొడుకు ఉంటాడు. ఊరు కర్నూలు, ఇంజనీరింగ్ మొదటి ఏడు, కన్నడం ఇంకా 'స్వల్ప స్వల్ప'. మొన్న ఆదివారం ఇంటర్నల్ పేపరు పట్టుకుని మొహం వేలాడేసుకుని వచ్చాడు. 1947ని బైనరీ, ఆక్టల్, హెక్స్‌లోకి మార్చమని ప్రశ్న. బైనరీ 11110011011 అని రాశాడు, దానికి మార్కులు పడ్డాయి. ఆక్టల్ 7463, హెక్స్ F33 అని రాశాడు, రెండింటి మీదా ఎర్ర గీత.

"అన్నా, నేను సరిచూసుకునే ఇచ్చాను. ఆక్టల్‌ని హెక్స్‌లోకి మార్చి చూస్తే సరిగ్గా F33 వచ్చింది. రెండూ కలిశాక తప్పెలా అవుతుంది?"

వాడు చెప్పింది నిజమే, ఆ రెండూ కలుస్తాయి. 7463 ఆక్టల్, F33 హెక్స్ ఒకే సంఖ్య, కాకపోతే ఆ సంఖ్య 3891. అంటే వాడు సరిచూశాడు, సరిచూసిన పద్ధతే వాణ్ని మోసం చేసింది. ఇలాంటప్పుడు ఏ పద్ధతి పట్టుకుంటుంది, ఏది పట్టుకోదు, పరీక్ష హాల్లో కూర్చున్నవాళ్లకి ఏది, ఆఫీసులో కోడ్ రాసేవాళ్లకి ఏది అని ఆ రోజు కాగితం మీద వేసిందే ఇక్కడ రాస్తున్నాను.

## ముందు ఏం చూసి ఎంచుకోవాలి

నేను మూడు విషయాలు చూస్తాను. మొదటిది, సరిచూసే దారి మనం వచ్చిన దారికి నిజంగా వేరేదా అన్నది. వచ్చిన దారినే వెనక్కి నడిస్తే, వచ్చేటప్పుడు చేసిన పొరపాటే వెళ్లేటప్పుడూ చేసే అవకాశం ఉంది, అప్పుడు రెండు తప్పులు కలిసి ఒప్పులా కనిపిస్తాయి. మా వాడికి జరిగింది దాదాపు అదే. రెండోది, తప్పుంది అని తేలాక ఎక్కడుందో కూడా చెబుతుందా అన్నది, ఎందుకంటే పదకొండు మెట్ల భాగహారం మళ్లీ మొదటి నుంచి చేయడం ఎవరికీ ఇష్టం ఉండదు. మూడోది చేత్తో ఎంత సేపు పడుతుందన్నది. ఈ మూడూ ఒకే పద్ధతిలో దొరకవు కాబట్టే ఎంచుకోవాల్సి వస్తోంది.

అన్ని పద్ధతులనూ ఒకే లెక్క మీద చూద్దాం. 1947ని 16తో భాగిస్తే 121, శేషం 11. 121ని 16తో భాగిస్తే 7, శేషం 9. 7ని భాగిస్తే 0, శేషం 7. శేషాల్ని కింది నుంచి పైకి చదివితే 7, 9, 11. పదకొండుకి B రాస్తాం కాబట్టి 79B. ఇలాగే 8తో భాగించుకుంటూ పోతే 3633, 2తో అయితే 11110011011. ఇవి సరైన జవాబులు.

## మొదటి దారి: స్థాన విలువలతో వెనక్కి

అంకెల మీద వాటి స్థాన విలువలు రాసుకుని, గుణించి, కూడటం. భాగహారంతో వచ్చినదాన్ని గుణకారం, కూడికలతో చూస్తున్నాం కాబట్టి దారి వేరు.

| హెక్స్ అంకె | స్థాన విలువ | లబ్ధం |
|---|---|---|
| 7 | 256 | 1792 |
| 9 | 16 | 144 |
| B, అంటే 11 | 1 | 11 |
| మొత్తం | | 1947 |

ఆక్టల్‌కి 512, 64, 8, 1. అక్కడ 3633 అంటే 1536 + 384 + 24 + 3, మళ్లీ 1947. బైనరీలో అయితే గుణకారమే లేదు, 1 ఉన్న చోట విలువ రాయడం, 0 ఉన్న చోట వదిలేయడం: 1024 + 512 + 256 + 128 + 16 + 8 + 2 + 1, ఇదీ 1947.

ఇక్కడ చేయి జారేది ఎక్కువగా స్థాన విలువలు వేసే దగ్గరే. ఎడమ నుంచి 256, 16, 1 అని ఊహించి వేయకండి, కుడి చివర 1 పెట్టి, అక్కడి నుంచి ఎడమకి 16తో గుణించుకుంటూ వెళ్లండి. కుడి చివర 1కి బదులు 16తో మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, అప్పుడు 79Bకి 31152 వస్తుంది. అది 1947కి సరిగ్గా 16 రెట్లు. వెనక్కి వచ్చిన సంఖ్య అసలు సంఖ్యకి సరిగ్గా 16 రెట్లో 8 రెట్లో ఉంటే జవాబుని అనుమానించే ముందు మీరు వేసిన స్థాన విలువల్ని అనుమానించండి.

ఈ దారిలో నాకు అన్నిటికన్నా నచ్చేది తేడా చెప్పే కబురు. వెనక్కి వచ్చిన సంఖ్యకీ అసలు సంఖ్యకీ తేడా తీసి చూడండి. బైనరీలో ఆ తేడా సరిగ్గా 64 వచ్చిందనుకోండి, 64 స్థానంలో ఉన్న బిట్ తిరగబడి ఉండే అవకాశమే ఎక్కువ, మిగతా పదింటి జోలికి వెళ్లేముందు దాన్నే చూడండి. హెక్స్‌లో తేడా 32 అయితే 16ల స్థానంలో అంకె రెండు ఎక్కువో తక్కువో పడి ఉండొచ్చు. తేడా 15తో నిశ్శేషంగా భాగింపబడుతుంటే మాత్రం అంకెల వరుస తారుమారైందేమో చూడాలి. 79Bకి బదులు 7B9 అని రాశారనుకుందాం, దాని విలువ 1977, తేడా 30. శేషాల్ని కింది నుంచి కాకుండా పై నుంచి చదివి B97 అని రాస్తే 2967, తేడా 1020, అంటే 15 × 68. పక్కపక్క హెక్స్ స్థానాల విలువలు 16 రెట్లు తేడాలో ఉంటాయి కాబట్టి, రెండు అంకెలు చోటు మార్చుకుంటే వచ్చే తేడాలో 15 తప్పకుండా ఉంటుంది. ఆక్టల్‌లో ఇదే పని 7 చేస్తుంది. ఈ తేడాలు సూచనలే అనుకోండి, రెండు మూడు తప్పులు ఒకేసారి పడితే ఏమీ చెప్పలేవు.

మరి దీని ఇబ్బంది ఏంటంటే పెద్ద గుణకారాలు. నాలుగు హెక్స్ అంకెలు దాటితే 4096లు, 65536లు వస్తాయి, సరిచూసే లెక్కలోనే కొత్త తప్పు పడుతుంది, ఇక ఏది తప్పో తేల్చడానికి ఇంకో అరపేజీ కావాలి.

దశాంశ భాగం ఉన్న సంఖ్యల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. 0.1ని హెక్స్‌లో రాస్తే 0.1999... అని తొమ్మిదులు ఆగకుండా పోతాయి. మూడు అంకెల దగ్గర ఆపి 0.199 అని రాసి వెనక్కి మారిస్తే 409/4096, అంటే 0.09985 దగ్గర వస్తుంది కానీ 0.1 రాదు. కంగారు పడక్కర్లేదు. తేడా, మీరు రాసిన చివరి స్థానం విలువ కన్నా తక్కువ ఉందా అన్నదే చూడాల్సింది. ఇక్కడ చివరి స్థానం 1/4096, సుమారు 0.00024. తేడా 0.00015 దగ్గర ఉంది, కాబట్టి మార్చింది సరే.

## రెండో దారి: గుణించి కూడుతూ రావడం

ఎడమ చివరి అంకె తీసుకోండి, 16తో గుణించి పక్క అంకె కలపండి, వచ్చినదాన్ని మళ్లీ 16తో గుణించి తర్వాతి అంకె కలపండి. 7 × 16 + 9 = 121. 121 × 16 + 11 = 1947. అయిపోయింది. 256 ఎంత, 4096 ఎంత అని గుర్తు పెట్టుకోనక్కర్లేదు, పదహారో ఎక్కం వస్తే చాలు.

మధ్యలో వచ్చిన 7, 121లని చూశారా? భాగహారంలో మనకి వచ్చిన భాగఫలాలే అవి. బైనరీలో ఇంకా బాగా కనిపిస్తుంది: రెట్టింపు చేసి బిట్ కలుపుకుంటూ పోతే 1, 3, 7, 15, 30, 60, 121, 243, 486, 973, 1947. మీ చిత్తు కాగితం మీద 2తో భాగించిన నిచ్చెన ఉంటే కింది మెట్టు నుంచి పైకి ఇదే వరుస ఉండాలి. ఎక్కడ వరుస తప్పిందో ఆ మెట్టులోనే తప్పు. ఎక్కడ పొరపాటు పడిందో చెప్పడంలో దీన్ని మించింది లేదు.

కానీ దీని బలమే దీని బలహీనత కూడా. ఇది మనం వచ్చిన దారే, మెట్టు మెట్టుకీ వెనక్కి. పక్కనే భాగహారం కనిపిస్తుంటే కన్ను అటు పోతుంది, 60 రెట్టింపు 120, బిట్ కలిపితే 121 అని లెక్క వేయకుండా పక్కనున్న 121ని చూసి రాసేస్తాం. నేనైతే భాగహారం మీద అట్ట పెట్టి మూసేసి చేస్తాను, చివర్లో తీసి చూస్తాను. చిన్నపిల్లల చాదస్తంలా అనిపించినా పని చేస్తుంది.

## మూడో దారి: మూడు బిట్లు, నాలుగు బిట్ల గుంపులు

మా వాడు వాడింది ఇదే. బైనరీని మూడేసి బిట్లుగా విడగొడితే ఆక్టల్, నాలుగేసి విడగొడితే హెక్స్. ఒకటి నుంచి ఇంకొకటికి లెక్కే లేకుండా వెళ్లిపోవచ్చు. వేగంలో దీనికి సాటి లేదు, నిజం చెప్పాలంటే ఆఫీసులో నేను రోజూ వాడేదీ ఇదే.

షరతు ఒక్కటే, గుంపులు కుడి చివర నుంచి మొదలవ్వాలి. 11110011011లో పదకొండు బిట్లు. పదకొండు మూడుతోనూ పోదు, నాలుగుతోనూ పోదు, కాబట్టి ఎక్కడో ఒక గుంపు అర్ధాకలితో ఉంటుంది. కుడి నుంచి విడగొడితే ఆ లోటు ఎడమ చివర పడుతుంది, అక్కడ ముందు సున్నా పెట్టినా విలువ మారదు:

```
011 110 011 011   ->  3 6 3 3
0111 1001 1011    ->  7 9 B
```

మా వాడు తెలుగు చదివినట్టు ఎడమ నుంచి మొదలుపెట్టాడు:

```
111 100 110 11    ->  7 4 6 3
1111 0011 011     ->  F 3 3
```

లోటు ఇప్పుడు కుడి చివరి గుంపులో పడింది. 11ని 3 అని చదివాడంటే మనసులో 011 అని చదివినట్టు, అంటే సంఖ్య మధ్యలో ఒక సున్నా దూరి, దాని ఎడమ వైపున్న బిట్లన్నీ ఒక స్థానం పైకి జరిగాయి. 1947 కాస్తా 3891 అయింది అందుకే.

మరి రెండు తప్పులూ ఎందుకు కలిశాయి? ఆక్టల్‌లో ఆ దొంగ సున్నా చివరి రెండు బిట్ల ముందు దూరింది. హెక్స్‌లో చివరి మూడు బిట్ల ముందు దూరింది. ఈ రెండు చోట్లకీ మధ్యనున్నది ఒకే ఒక్క బిట్, చివరి నుంచి మూడోది, అది ఈ సంఖ్యలో 0. ఒక సున్నా ముందు ఇంకో సున్నా పెట్టినా, దాని తర్వాత పెట్టినా కనిపించేది రెండు సున్నాలే కదా. అందుకే రెండు దారుల్లోనూ 111100110011 వచ్చింది. ఆ మూడో బిట్ 1 అయ్యుంటే ఆక్టల్, హెక్స్ కలిసేవి కావు, మా వాడికి అక్కడే అనుమానం వచ్చేది. పదకొండు బిట్ల సంఖ్యల్లో సగం ఇలా మోసం చేస్తాయి, సగం చేయవు. వీడి అదృష్టం.

దీని నుంచి తీసుకోవాల్సింది ఒకటుంది. ఆక్టల్, హెక్స్ రెండూ ఒకే బైనరీ నుంచి పుట్టినప్పుడు ఒకదానికి ఇంకొకటి సాక్ష్యం కాలేదు. ఒకే ఇంట్లో వాళ్లని సాక్షులుగా పిలిచినట్టు ఉంటుంది. ఈ దారిలో సరిచూడాలంటే ఒకటి బైనరీ నుంచి, ఇంకొకటి నేరుగా డెసిమల్ నుంచి భాగహారంతో రావాలి. ఉదాహరణకి 1947ని 16తో భాగించి 79B తెచ్చుకోండి (మూడే మెట్లు), దాన్ని నాలుగేసి బిట్లుగా విప్పండి, విడిగా 2తో భాగించి తెచ్చుకున్న బైనరీతో బిట్ పక్కన బిట్ పెట్టి చూడండి. అప్పుడు కలిస్తే ఆ కలవడానికి విలువ ఉంది. కనీసం 7463ని విప్పినప్పుడు పన్నెండు బిట్లు వచ్చాయి, నా దగ్గరున్నవి పదకొండే కదా అని మా వాడు చూసుకున్నా సరిపోయేది. విప్పాక మొదట్లో వచ్చే సున్నాలు తీసేసి లెక్కపెట్టాలి, అది మర్చిపోకండి.

## నాలుగో దారి: అంకెల మొత్తం, అంకెల సంఖ్య

చిన్నప్పుడు 9తో భాగిస్తే శేషం ఎంతో అంకెలు కూడి చెప్పేవాళ్లం కదా, హెక్స్‌లో అదే పని 15తో, ఆక్టల్‌లో 7తో జరుగుతుంది. 79B అంకెల మొత్తం 7 + 9 + 11 = 27, 15 తీసేస్తే 12. 1947ని 15తో భాగించినా శేషం 12. 3633 మొత్తం 15, 7తో భాగిస్తే శేషం 1, 1947ని 7తో భాగించినా 1. మా వాడి F33ని ఇలా చూస్తే మొత్తం 21, శేషం 6, పన్నెండు రావాల్సింది కాబట్టి తప్పని పది సెకన్లలో తేలిపోయేది.

అయితే ఇది అంకెల వరుసని అసలు చూడదు. 79B, 7B9, B97 అన్నిటికీ మొత్తం 27. శేషాల్ని తలకిందులుగా చదవడం మొదటిసారి నేర్చుకునేవాళ్లు తరచూ చేసే తప్పు, ఇది దాన్నే పట్టుకోలేదు. మధ్యలో సున్నా ఎగిరిపోయినా పట్టుకోదు. అందుకే దీన్ని ఒంటరిగా నమ్మను, పక్కన ఇంకో చిన్న చూపు పెడతాను: అంకెలు ఎన్ని ఉండాలి? మూడు హెక్స్ అంకెల సంఖ్య 256 నుంచి 4095 దాకా, పదకొండు బిట్ల సంఖ్య 1024 నుంచి 2047 దాకా. పదకొండుని B అని కాకుండా 11 అని, పదిని 10 అని యథాతథంగా రాసేసే తప్పు కూడా ఇక్కడే దొరుకుతుంది. 427కి హెక్స్ 1AB, కానీ శేషాల్ని అలాగే వరుసగా పేర్చి 11011 అని రాసినవాళ్లని చూశాను. ఐదు హెక్స్ అంకెలంటే 65536 పైన, 427 ఎక్కడ, అది ఎక్కడ.

## ఐదో దారి: మెషీన్‌ని అడగడం

```python
>>> hex(1947), oct(1947), bin(1947)
('0x79b', '0o3633', '0b11110011011')
>>> int('79B', 16), int('3633', 8), int('11110011011', 2)
(1947, 1947, 1947)
```

పని ఇంతే. విండోస్ కాలిక్యులేటర్‌లో ప్రోగ్రామర్ మోడ్ పెట్టుకున్నా HEX, DEC, OCT, BIN నాలుగూ ఒకేసారి కనిపిస్తాయి. మొదటి లైను ఒక్కటి చూసి ఆపేయకండి, రెండో లైను కూడా వేయండి, ఎందుకంటే అందులో కాగితం మీద మీరు రాసిన అంకెల్నే టైప్ చేస్తారు, తప్పు మీది అయితే అక్కడ బయటపడుతుంది.

మెషీన్ లెక్క తప్పదు, మనం దానికి ఏ బేస్ చెప్పామన్నదే తప్పుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక స్క్రిప్టుకి పర్మిషన్లు మార్చే కోడ్‌లో ఇలా రాశాను:

```python
os.chmod("run.sh", 755)
```

టెర్మినల్లో `chmod 755` అని రోజూ కొట్టే చెయ్యి కదా. అక్కడ 755ని ఆక్టల్‌గానే చదువుతుంది, పైతాన్‌లో మాత్రం ఇది మామూలు డెసిమల్ ఏడొందల యాభై ఐదు. స్క్రిప్టు నడిపితే `Permission denied`. ఓనర్ నేనే, పర్మిషన్ ఇచ్చిందీ నేనే, మరి ఎవరు ఆపుతున్నారని గంట సేపు బుర్ర గోక్కున్నాక `ls -l` కొడితే `--wxrw--wt` అని కనిపించింది. ఓనర్‌కి రాసే హక్కుంది, నడిపే హక్కుంది, చదివే హక్కే లేదు. చదవకుండా షెల్ స్క్రిప్టు ఎలా నడుస్తుంది?

కాగితం మీద స్థాన విలువలు వేసుకుంటే నిమిషంలో తెలిసేది. ఆక్టల్ 755 అంటే 7 × 64 + 5 × 8 + 5 = 493. నేను ఇచ్చింది 493 కాదు, 755. ఆ 755ని ఆక్టల్‌లోకి మారిస్తే 1363, అందులో 3 అంటే రాయడం, నడపడం, 6 అంటే చదవడం, రాయడం, తెర మీద కనిపించింది అచ్చంగా అదే. కోడ్‌లో `0o755` అని రాశాక కుదురుకుంది. C భాషలో ఇంకో రకం ఉచ్చు ఉంది, ముందు సున్నా పెడితే చాలు ఆక్టల్ అయిపోతుంది, అక్కడ `010` అంటే ఎనిమిది.

## ఇంతకీ ఎవరికి ఏది

| దారి | వచ్చిన దారికి వేరేదా | తప్పు ఎక్కడో చెబుతుందా | చేత్తో సమయం |
|---|---|---|---|
| స్థాన విలువలు | అవును | తేడా చూస్తే చాలాసార్లు | మధ్యస్థం |
| గుణించి కూడటం | కాదు, అదే దారి వెనక్కి | మెట్టుతో సహా | మధ్యస్థం |
| బిట్ల గుంపులు | డెసిమల్ నుంచి విడిగా వస్తేనే | బిట్‌తో సహా | చాలా తక్కువ |
| అంకెల మొత్తం | అవును, కానీ వరుస చూడదు | లేదు | సెకన్లు |
| మెషీన్ | అవును, బేస్ సరిగ్గా చెబితే | లేదు | సెకన్లు |

పూర్తి లెక్క రాయాల్సిన పరీక్ష అయితే నా ఓటు స్థాన విలువలకే. భాగహారంతో మార్చి, స్థాన విలువలతో వెనక్కి తెచ్చి, కలవకపోతే తేడా చూసి, ఇంకా తెలియకపోతే అప్పుడు గుణించి కూడే దారిలో మెట్టు పట్టుకోవాలి. మొదటే గుణించి కూడే దారికి వెళ్తే తప్పు కాదు, కాకపోతే అట్ట సంగతి మర్చిపోకండి. ఇంకో మాట, వెనక్కి వచ్చిన 1947ని మీ చిత్తులో రాసుకున్న 1947తో కాదు, ప్రశ్నపత్రంలో ఉన్న సంఖ్యతో పోల్చండి. ప్రశ్నలో 1974 ఉండి మీరు 1947 అని ఎక్కించుకుంటే పై ఐదు దారుల్లో ఏదీ దాన్ని పట్టుకోలేదు.

నాలుగు ఆప్షన్లిచ్చే పరీక్షలకి ఇంత పని వద్దు. 1947కి హెక్స్ ఏది అని 7B9, 79D, 97B, 79B ఇచ్చారనుకోండి. 16తో ఒక్కసారి భాగించండి, శేషం 11, చివరి అంకె B అవ్వాలి, మొదటి రెండూ పోయాయి. 97Bలో మొదటి అంకె ఒక్కటే 9 × 256 = 2304, అప్పుడే 1947 దాటిపోయింది. మిగిలింది 79B. చివరి అంకె, మొదటి అంకె చాలు, మధ్యలో చూడాల్సిన పనే పడలేదు. ఆ రెండూ ఒకేలా ఉన్న ఆప్షన్లు మిగిలితే అప్పుడు అంకెల మొత్తం తీయండి.

ఎంబెడెడ్ వైపు, రిజిస్టర్లు చూస్తూ ఉండే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి బిట్ల గుంపులే దిక్కు, డెసిమల్‌కి వెళ్లే అవసరమే తక్కువ. వాళ్లు స్థాన విలువలు వాడినప్పుడు ఒక్క చోట జాగ్రత్త పడాలి. ఎనిమిది బిట్లలో F3ని మామూలుగా కూడితే 243. రావాల్సింది −13 అయితే మీ మార్పు తప్పని కాదు, టూస్ కాంప్లిమెంట్‌లో ఎడమ చివరి బిట్ స్థాన విలువ +128 కాదు, −128. 11110011ని అలా కూడి చూడండి: −128 + 64 + 32 + 16 + 2 + 1 = −13. అందుకే ఎన్ని బిట్ల సంఖ్యో తెలియకుండా ఇలాంటివి సరిచూడటం మొదలుపెట్టకూడదు.

ఇక మామూలుగా కోడ్ రాసేవాళ్లు మెషీన్‌నే అడగండి, సిగ్గు పడాల్సిందేమీ లేదు. బేస్ ఎక్కడ మారుతుందో అక్కడ మాత్రం ఒక్కసారి ఆగి 64లు, 8లు మనసులో కూడుకోండి.

ఆ ఆదివారం టీ అయ్యాక మా వాడికి 2060 ఇచ్చి హెక్స్‌లోకి మార్చమన్నాను, కావాలనే. 16తో భాగించాడు, 128 వచ్చింది, శేషం 12. 128ని భాగించాడు, 8 వచ్చింది, శేషం ఏమీ లేదు కాబట్టి ఏమీ రాయలేదు. చివర్లో 8C అని రాసి పెన్ను పెట్టేశాడు. అంకెలు కూడాడు, 8 + 12 = 20, పదిహేను తీస్తే 5. 2060ని 15తో భాగించాడు, శేషం 5. "కలిసింది అన్నా" అన్నాడు. నేనేమీ అనలేదు. కాసేపు కాగితం వైపే చూసి, "ఆగన్నా, రెండు అంకెల హెక్స్ 255 దాటదు కదా" అని గొణుక్కుంటూ 8కీ Cకీ మధ్య ఇరికించి సున్నా పెట్టాడు.